స్క్రిప్టులో ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి, ఏ మాట నొక్కాలి: గుర్తులు పెట్టే పద్ధతి

ప్రశ్న: నాగార్జునకొండ మీద నాలుగు నిమిషాల డాక్యుమెంటరీకి స్క్రిప్టు రాశాను. చదివేది మా బాబాయి, తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. గొంతు బాగుంటుంది కానీ చదువుతుంటే పాఠం అప్పజెప్పినట్టు ఉంది, పెద్ద వాక్యాల్లో చివరి మాటలు వినపడకుండా పోతున్నాయి. “ఎక్కడ ఆగాలో, ఏది నొక్కాలో గుర్తులు పెట్టి ఇవ్వరా” అన్నారు. కామాలు ఎక్కువ పెడితే సరిపోతుందా? ఒక వాక్యం కింద ఇస్తున్నాను, చూసి చెప్పండి.

“1955 డిసెంబరు 10న అప్పటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ ప్రాజెక్టు జలాశయంలో మునిగిపోనున్న ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అవశేషాలను 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపి వెలికితీసిన పురావస్తు శాఖ వాటిలో ముఖ్యమైన కట్టడాలను నాగార్జునకొండ శిఖరానికి, అనుపు వద్దకు తరలించి పునర్నిర్మించింది.”

జవాబు:

కామాలతో సరిపోదండీ. కామా కంటికోసం పెట్టేది. అచ్చులో అది ఉన్నచోటల్లా ఆగితే చదువు ముక్కలుముక్కలుగా వినిపిస్తుంది. ఆగాల్సిన చాలా చోట్ల తెలుగులో అసలు కామా పెట్టం. కాబట్టి కామాలను వాటి మానాన వదిలేసి, గొంతు కోసం వేరే గుర్తులు పెట్టుకోండి.

బాబాయిగారికి చివరి మాటలు ఎందుకు పోతున్నాయో ముందు చూద్దాం. గుర్తులు పెట్టే పద్ధతంతా దాని మీదే ఆధారపడి ఉంది. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. చేశారా, చేయలేదా, చేస్తారా, చేయబోతున్నారా అన్నది ఆ చివరి రెండు మూడు అక్షరాల్లోనే తేలుతుంది. ఊపిరి అయిపోయేదీ సరిగ్గా అక్కడే. గాలి తగ్గేకొద్దీ గొంతు కిందికి దిగిపోతుంది, చివరి “చింది” గొణుగుడుగా మారుతుంది. వాక్యం మొదట్లో గట్టిగా, మధ్యలో గబగబా, చివర్లో మింగేస్తూ చదవడం గొంతు లోపం కాదు, ఊపిరి తప్పుచోట తీసుకోవడం వల్ల వచ్చేది.

అందుకే గుర్తులు పెట్టేటప్పుడు వాక్యాన్ని చివరి నుంచి మొదటికి చూసుకుంటూ రండి. ముందు క్రియ దగ్గరికి వెళ్లండి. దాని ముందున్న ఏ మాటను దానితో విడదీయకూడదో చూసి ఆ రెంటినీ కలపండి. అక్కడినుంచి ఎడమకు నడుస్తూ, మొదట తగిలే మంచి ఆగే చోట ఊపిరి గుర్తు పెట్టండి. అలా పెడితే ఆఖరి ఊపిరి క్రియకు దగ్గర్లోనే ఉంటుంది, క్రియ చెప్పడానికి గాలి మిగులుతుంది. మొదటినుంచి చివరికి పెట్టుకుంటూ పోయేవాళ్లు ముందు ముక్కల్లో ధారాళంగా ఆగి, ఆఖరి ముక్కను పొడుగ్గా వదిలేస్తారు.

గుర్తులు నాలుగు చాలు. ఒక గీత ( / ) అంటే చిన్న ఆగు. ఊపిరి తీసుకోరు, పావు సెకను పాటు గొంతు నిలుస్తుంది అంతే. రెండు గీతలు ( // ) అంటే ఊపిరి. దీనికి సుమారు అర సెకను పడుతుంది. పేరా మారినచోట సెకను, సెకనున్నర ఇవ్వొచ్చు. మాటల కింద చిన్న వంపు గీత ( ‿ ) అంటే ఇక్కడ విడదీయొద్దని. నొక్కే మాటకు కాగితం మీద రంగు పెన్నుతో లేత రంగు పూయండి. ఇక్కడ రంగు కుదరదు కాబట్టి చతురస్ర బ్రాకెట్లు [ ] పెట్టి చూపిస్తాను. ఇంతకంటే ఎక్కువ పెడితే చదివే మనిషి దృష్టి గుర్తులను విప్పడం మీదికి పోతుంది, అర్థం మీద ఉండదు.

చిన్న ఆగునూ ఊపిరినీ వేరుగా పెట్టమనడానికి కారణం ఉంది. గీత కనిపించిన ప్రతిచోటా గాలి పీల్చే అలవాటు చాలామందికి ఉంటుంది. ఊపిరితిత్తులు నిండుగా ఉండగానే మళ్లీ పీలిస్తే ఛాతీ బిగుసుకుంటుంది, గొంతు పైకి పోతుంది, మైకులో ఆ పీల్పు ‘హుస్’మని రికార్డవుతుంది. పావు సెకను ఆగుకు గాలి అక్కర్లేదని గుర్తే చెబితే ఆ బాధ ఉండదు.

ఇక ఎక్కడ ఆగొచ్చు? ‘చేసి, వెళ్తూ, నిండితే, వచ్చినా’ లాంటి అసంపూర్ణ క్రియ తర్వాత ఆగడం తెలుగులో అన్నిటికంటే సహజం. మాట్లాడేటప్పుడు మనం ఊపిరి తీసుకునేది ఎక్కువగా అక్కడే. కాలం, చోటు చెప్పే మాటల తర్వాత ఆగొచ్చు: “మరుసటి ఏడాది డిసెంబరు పదిన /”. ‘అని’ తర్వాత ఆగొచ్చు, కానీ ‘అని’కి ముందు ఆగకూడదు. “ప్రాజెక్టు కట్టాలని / ప్రభుత్వం నిర్ణయించింది” బాగుంటుంది. “ప్రాజెక్టు కట్టాలి / అని ప్రభుత్వం నిర్ణయించింది” అంటే అనువాదం చదువుతున్నట్టు ఉంటుంది. అసలు ఆ రెంటినీ స్క్రిప్టులోనే ‘కట్టాలని’ అని కలిపి రాసేయండి. గొంతులో కలిసే మాటలు కాగితం మీద విడిగా ఉంటే చదివేవాళ్లు ఆ ఖాళీని ఆగుగా చదువుతారు.

ఎక్కడ ఆగకూడదన్నది ఇంకా ముఖ్యం, ఎక్కువమంది తప్పేది ఇక్కడే. ‘వెలికితీసిన శిల్పాలు’ అన్నప్పుడు ‘వెలికితీసిన’ తర్వాత ఆగితే విన్నవాళ్లకు ఆ విశేషణం గాల్లో వేలాడుతుంది. అది పక్కనున్న నామవాచకంతో కలిసే ఉండాలి. ‘శంకుస్థాపన చేశారు’, ‘నిర్ణయం తీసుకుంది’ లాంటివి రెండు మాటలైనా ఒకటే క్రియ. పేరూ ‘గారూ’, అంకే కొలతా, ‘కొండ మీదికి’లో కొండా మీదికీ, ఇవన్నీ వంపు గీత వేసి కలపాల్సినవే. కర్త చెప్పగానే ప్రతిసారీ ఆగడం కూడా మానిపించండి. “మేము / వెళ్లాం” అన్నట్టు చిన్న కర్త తర్వాత ఆగడం బడి చదువు అలవాటు. కర్త నాలుగైదు మాటలున్నప్పుడే దాని తర్వాత ఆగు పనికొస్తుంది.

ఆగు మారితే అర్థమే మారిపోయే వాక్యాలుంటాయి. వాటిలో గుర్తు తప్పనిసరి. “రాముడు / నవ్వుతూ వచ్చిన కృష్ణుణ్ని చూశాడు” అంటే నవ్వింది కృష్ణుడు. “రాముడు నవ్వుతూ / వచ్చిన కృష్ణుణ్ని చూశాడు” అంటే నవ్వింది రాముడు. ‘పెద్ద రైతుల సంఘం’ అంటే సంఘం పెద్దదా, రైతులు పెద్దవాళ్లా? ‘పెద్ద /’ అని ఆగితే సంఘం పెద్దదవుతుంది, ‘పెద్ద‿రైతుల /’ అంటే రైతులు పెద్దవాళ్లవుతారు. మీరు రాసినవాళ్లు కాబట్టి మీకు ఒక్క అర్థమే తడుతుంది, రెండోది కనిపించదు. స్క్రిప్టు ఎప్పుడూ చూడని మనిషి చేత ఒకసారి పైకి చదివించి, వాళ్లు తడబడిన చోట పెన్సిల్‌తో చుక్క పెట్టుకోండి. ఇలాంటివి చాలావరకు ఆ చుక్కల దగ్గరే దొరుకుతాయి.

ఇప్పుడు మీ వాక్యం. దీన్ని గుర్తులతో బాగుచేయడం కుదరదు. పలికే అక్షరాలు లెక్కపెట్టండి. గుణింతం, ఒత్తు కలిసినది ఒకటిగా, అంకెలు మాటల్లోకి మార్చి లెక్కిస్తే సుమారు 160 వస్తాయి. నింపాదిగా చదివే గొంతు సెకనుకు ఐదారు అక్షరాలు పలుకుతుంది, అంటే ఇది అర నిమిషం వాక్యం. ఒక ఊపిరి మీద సుఖంగా చదవగలిగేది ఐదారు సెకన్లు, అంటే పాతిక ముప్పై అక్షరాలు. వయసు మళ్లిన గొంతుకు పాతికే అనుకోండి. తెలుగులో మాటల లెక్క నమ్మొద్దు. ‘పునర్నిర్మించింది’ ఒక మాటే, ‘ఆ’ కూడా ఒక మాటే. అక్షరాలు లెక్కపెట్టడమే దారి.

160 అక్షరాలను ఆరు ముక్కలు చేస్తే పోదా అనిపిస్తుంది. కానీ చివరినుంచి చూడండి. ‘తరలించి’ తర్వాత ఆగొచ్చు, ‘జరిపి’ తర్వాత ఆగొచ్చు. మిగిలిన పెద్ద కీళ్లన్నీ ‘చేసిన’, ‘మునిగిపోనున్న’, ‘వెలికితీసిన’. మూడింటి తర్వాతా ఆగకూడదు. అంటే మొదటి 110 అక్షరాల్లో ఊపిరికి సరైన చోటే లేదు. బాబాయిగారు ఎక్కడో ఒకచోట తప్పక పీలుస్తారు, అది తప్పుచోటే అవుతుంది. ఇలా ‘-ఇన’లు ఒకదానిమీద ఒకటి పేరిస్తే వాక్యాన్ని విడగొట్టాల్సిందే. ఒక వాక్యంలో అలాంటిది ఒకటి ఉంటే సరే, రెండోది వచ్చిందంటే రెండు వాక్యాలు చేయండి.

ఇంకో సంగతి. మీ వాక్యంలో ముందు 1955 వస్తుంది, తర్వాత 1954. కాగితం మీద కన్ను వెనక్కి వెళ్లి సరిచూసుకుంటుంది, చెవికి ఆ వీలు లేదు. జలాశయం వస్తుందని తెలిసి తవ్వకాలు ముందే మొదలయ్యాయి, శంకుస్థాపన ఆ తర్వాత జరిగింది. చెప్పేటప్పుడు కూడా ఆ వరసలోనే చెప్పండి. అప్పుడు రెండో ఏడాదికి అంకే అక్కర్లేదు, ‘మరుసటి ఏడాది’ అంటే చాలు. ‘పంతొమ్మిది వందల’ అని మూడుసార్లు పలికే భారం ఒక్కసారికి తగ్గుతుంది. అంకెలను మాటల్లోనే రాయండి. ‘1954’ అని చూసి దాన్ని మనసులో మాటల్లోకి మార్చుకునే లోపు గొంతు అర క్షణం తడబడుతుంది, అది వినేవాళ్లకు తెలిసిపోతుంది.

విడగొట్టి, గుర్తులు పెట్టాక ఇలా ఉంటుంది:

కృష్ణ కుడిగట్టున / ఒకప్పటి ఇక్ష్వాకుల రాజధాని /
[విజయపురి] శిథిలాలు‿ఉండేవి. //

సాగర్ జలాశయం నిండితే / అవన్నీ [మునిగిపోతాయి]. //

అందుకని పంతొమ్మిది వందల యాభై‿నాలుగులో / పురావస్తు శాఖ
అక్కడ [తవ్వకాలు]‿మొదలుపెట్టింది. //

మరుసటి ఏడాది డిసెంబరు‿పదిన / ప్రధాని నెహ్రూ
ప్రాజెక్టుకు శంకుస్థాపన‿చేశారు. //

తవ్వకాలు [ఆరేళ్లు]‿సాగాయి. //

ముఖ్యమైన కట్టడాలను విడదీసి, //
కొన్నింటిని [కొండ]‿మీదికి, / కొన్నింటిని [అనుపు]‿దగ్గరికి తరలించి, //
మళ్లీ‿కట్టారు. //

ఆ కొండ ఇప్పుడు / [ద్వీపం].

ఆఖరి పెద్ద వాక్యం చూడండి. చివర ‘మళ్లీ కట్టారు’ అయిదు అక్షరాలే. దానికి ముందే ఊపిరి ఉంది కాబట్టి అది తప్పకుండా వినిపిస్తుంది. ‘కొన్నింటిని కొండ మీదికి, కొన్నింటిని అనుపు దగ్గరికి తరలించి’ 24 అక్షరాలు, ఒక ఊపిరికి సరిపోతుంది. మధ్యలో ఒక చిన్న ఆగే ఇచ్చాను. అక్కడా ఊపిరి తీసుకుంటే కొండకూ అనుపుకూ ఉన్న జత తెగిపోతుంది. ‘పునర్నిర్మించింది’ని ‘మళ్లీ కట్టారు’ అని ఎందుకు మార్చానంటే, ఊపిరి అయిపోయే చోట ‘ర్ని, ర్మిం’ లాంటి జంట ఒత్తులు నాలుకకు బరువు. బరువైన సంస్కృత సమాసాలు రాయక తప్పకపోతే వాక్యం మొదట్లో పెట్టండి, అప్పుడు గాలి నిండుగా ఉంటుంది. ‘జలవిద్యుదుత్పత్తి’ లాంటిది వస్తే మాట లోపలే పెన్సిల్‌తో సన్నని నిలువు గాట్లు పెట్టండి: జల, విద్యుత్, ఉత్పత్తి ఎక్కడ అతుక్కున్నాయో కంటికి తెలిస్తే నోరు తిరుగుతుంది. ఆగడానికి కాదు ఆ గాట్లు, మాటను గుర్తుపట్టడానికి.

ఏది నొక్కాలో నిర్ణయించడానికి ఒక్క పరీక్ష చాలు. ఈ వాక్యం ఏ ప్రశ్నకు జవాబు? “తవ్వకాలు ఎన్నాళ్లు సాగాయి?” అన్నదానికి జవాబు ‘ఆరేళ్లు’, కాబట్టి ఆ మాటే నొక్కాలి. తవ్వకాల సంగతి ఇంతకుముందే విన్నారు, రెండోసారి దాన్ని నొక్కితే కొత్త విషయమేదో చెబుతున్నారని పొరపడతారు. వాక్యానికి ఒక్క నొక్కు చాలు. కొండ, అనుపు లాంటి జోడీలకు మాత్రం రెండు. శంకుస్థాపన వాక్యంలో నేను దేన్నీ నొక్కలేదు, గమనించారా? మీ డాక్యుమెంటరీ కట్టడాల గురించి. శంకుస్థాపన అక్కడ కాలం తెలియడానికి వచ్చింది. ప్రధాని పేరు కదా అని గొంతు పెంచితే కథ ఆయన వైపు తిరుగుతుంది. నొక్కు లేని వాక్యాలు మధ్యలో ఉంటేనే నొక్కిన మాటలు నిలుస్తాయి.

తెలుగులో నొక్కాల్సిన మాటకు సహజమైన చోటు క్రియకు ముందు. రాసేటప్పుడే దాన్ని అక్కడికి జరిపితే సగం పని వాక్యమే చేస్తుంది. “ఆరేళ్లు తవ్వకాలు సాగాయి” కంటే “తవ్వకాలు ఆరేళ్లు సాగాయి” చదవడం తేలిక. అలాగే ‘విజయపురిలోనే’, ‘ఆయనే’ అని చివర ‘ఏ’ తగిలించి ఉంటే ఆ నొక్కు మాటలోనే ఉంది. దానికి మళ్లీ రంగు పూయొద్దు. రెండూ కలిస్తే నాటకం డైలాగులా ఉంటుంది.

నొక్కడమంటే గట్టిగా అనడం కాదని బాబాయిగారికి చెప్పండి. గొంతు పెంచితే మైకులో ఆ ఒక్క మాట బద్దలైనట్టు వస్తుంది. మాట మొదట్లో స్వరం కొంచెం పైకి లేపి, మాటను కొంచెం నిదానంగా పలికితే నొక్కు వచ్చేస్తుంది. ఇక్కడ తెలుగుకే ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటుంది. దీర్ఘాన్ని సాగదీయొచ్చు, హ్రస్వాన్ని సాగదీయకూడదు. ‘వడ’ను సాగదీస్తే ‘వాడ’ అవుతుంది, ‘పలక’ ‘పాలక’ అవుతుంది. ‘ద్వీపం’లో ‘వీ’ దీర్ఘం, దాన్ని కాస్త సాగనివ్వొచ్చు. ‘తవ్వకాలు’లో ‘వ్వ’ దగ్గర పెదవి ఒక్క క్షణం ఎక్కువ నిలిపితే చాలు. ‘అనుపు’లో మూడూ హ్రస్వాలే, సాగదీయడానికి ఏమీ లేదు. అందుకని దాని ముందు ‘కొన్నింటిని’ దగ్గర కొంచెం నెమ్మదించి, ‘అ’ మీద స్వరం లేపి పలకాలి. నొక్కే మాటల్లో ఏది ఏ రకమో మీరే చూసి, సాగదీయదగ్గ అక్షరం కింద చిన్న చుక్క పెట్టి ఇవ్వొచ్చు.

‘ఆ కొండ ఇప్పుడు ద్వీపం’ అన్నదానికి క్రియ లేదు. ‘ఉండేవి’, ‘కట్టారు’ లాంటి తోక ఉంటే స్వరం దాని మీద మెల్లగా దిగుతుంది. ఇక్కడ ఆ దిగడం ‘ద్వీపం’ మీదే జరగాలి. దానికి ముందు చిన్న ఆగు లేకపోతే మాట ఠక్కున అయిపోయి, వాక్యం ఇంకా ఉందేమోనని వినేవాళ్లు ఎదురుచూస్తారు. ఊపిరి మాత్రం వద్దు, ఆ నిశ్శబ్దంలో గాలి పీల్చిన చప్పుడు వస్తే మాట బరువు పోతుంది.

కాగితం సంగతి. పైన చూపినట్టు, ఒక ఊపిరికో అర ఊపిరికో ఒక వరస వచ్చేలా టైపు చేయండి. కంప్యూటరు తనకు తోచినచోట వరస విరిచిందంటే చదివే గొంతూ అక్కడే విరుగుతుంది. పేరా లోపల వరస మార్చడానికి Shift + Enter వాడండి, పేరా మారడానికే Enter. అక్షరం 18 పాయింట్లు, వరసల మధ్య రెట్టింపు ఖాళీ. నొక్కు కోసం అండర్‌లైన్ వద్దని మొదటే రంగు చెప్పానే, దానికి కారణం మన లిపి. ‘రాష్ట్రం’, ‘ఇక్ష్వాకు’ లాంటి మాటల్లో ఒత్తులు కిందికి వేలాడతాయి, గీత వాటిని కోసుకుంటూ పోతుంది. పైన గీద్దామంటే గుడులు, తలకట్లు అడ్డం. బోల్డ్ చేస్తే చిన్న ఒత్తులు ముద్దకట్టినట్టు కనిపిస్తాయి. పసుపు, లేత ఆకుపచ్చ లాంటి రంగయితే అక్షరం చెడదు. వాక్యం ఒక పేజీలో మొదలై ఇంకో పేజీలోకి వెళ్లకుండా చూడండి. పేజీ చివర కొంత ఖాళీ మిగిలినా ఫరవాలేదు, కాగితం తిప్పే చప్పుడు పేరా విరామంలో పడితే ఎడిటింగులో తీసేయొచ్చు.

ఇలా వరసలు విరిచినప్పుడు వచ్చే ముఖ్యమైన తంటా ఒకటుంది, మీ బాబాయిగారికి అది తప్పకుండా ఎదురవుతుంది. తెలుగు మాస్టారు కాబట్టి పద్యం చదివిన గొంతు. వరసలు చూడగానే పద్యపాదాలు గుర్తొచ్చి ప్రతి వరస చివరా స్వరం ఒకే తీరున దించుతారు, లేదా ఒకే తీరున సాగదీస్తారు. వింటుంటే ప్రతి వరసా వాక్యం అయిపోయినట్టే ఉంటుంది, లేదా పాటలా ఊగుతుంది. వాక్యం ఇంకా ఉన్న వరస చివర పైకి బాణం ( ↗ ), వాక్యం ముగిసే చోట కిందికి బాణం ( ↘ ) పెట్టండి. ‘విడదీసి ↗’, ‘తరలించి ↗’, ‘కట్టారు ↘’. మొదటి రెంటిలో స్వరం నిలబడే ఉండాలి, దిగేది ఒక్క ‘కట్టారు’ దగ్గరే. ఈ బాణాలు మొత్తం స్క్రిప్టుకు అక్కర్లేదు. రికార్డు చేసి విన్నాక ఎక్కడ పడిపోతోందో అక్కడే పెట్టండి, లేకపోతే నాలుగు గుర్తులు ఆరవుతాయి.

పాట వాలు రావడానికి ఇంకో కారణం ముక్కలన్నీ ఒకే పొడవులో ఉండటం. వరస వరసకూ ఇరవై అక్షరాలు చొప్పున కొలిచి పెడితే చదువు ఉయ్యాల ఊగుతుంది. పైన చూడండి, ‘తవ్వకాలు ఆరేళ్లు సాగాయి’ పది అక్షరాలే, దాని ముందూ వెనకా ఉన్నవి పెద్దవి. ఆ హెచ్చుతగ్గులు కావాలనే ఉంచాను. రెండు మూడు పెద్ద ముక్కల తర్వాత ఒక పొట్టి వాక్యం పడేలా రాసుకుంటే గొంతుకు కూడా విశ్రాంతి.

గుర్తులు ఎవరు పెట్టాలి? ఇద్దరూ, వేర్వేరుగా. అర్థానికి సంబంధించినవి మీవి: ఎక్కడ విడదీయకూడదు, ఏది నొక్కాలి, ఎక్కడ చిన్న ఆగు. వీటిని టైపు చేసి ఇవ్వండి. ఊపిరి గుర్తులు మీ అంచనాగా పెన్సిల్‌తో పెట్టండి, వాటిని ఖాయం చేసేది ఆయన ఛాతీ. ఆయన చేత కూర్చునే చదివించి, ఫోన్లో రికార్డు చేయండి. స్టూడియోలో నిలబడి చదివేట్టయితే నిలబెట్టే చదివించండి, ఊపిరి లెక్క మారుతుంది. ఆ రికార్డింగు కాగితం చూడకుండా వినండి, చూస్తూ వింటే రాసిందే వినిపిస్తుంది. మూడింటినే వెతకండి: క్రియ చివరి అక్షరం స్పష్టంగా ఉందా, గుర్తు లేనిచోట ఊపిరి తీసుకున్నారా, నొక్కిన మాట తప్ప ఇంకేదైనా పైకి లేచిందా.

గుర్తు లేనిచోట ఒకసారి పీలిస్తే అది ఆ రోజు అలసట కావొచ్చు. రెండుసార్లు అదే చోట పీల్చారంటే తప్పు మీ గుర్తుదే. ఆ చోటు ఆగదగ్గదైతే గుర్తును అక్కడికి జరపండి. ఆగకూడని చోటైతే, ఉదాహరణకు ‘ఒకప్పటి ఇక్ష్వాకుల’ తర్వాత పీలుస్తున్నారనుకోండి, దాని ముందు పెట్టిన చిన్న ఆగును ఊపిరిగా మార్చండి, అంటే ‘కుడిగట్టున’ తర్వాత రెండో గీత చేర్చడమే. అప్పుడు ఆయనకు ముందే గాలి అందుతుంది, తర్వాతి చోట అవసరం రాదు. ‘ఇక్కడ పీల్చొద్దు’ అని రాసి లాభం లేదు, గాలి కావాల్సినప్పుడు ఒంటికి ఆ మాట వినిపించదు.

రెండో రికార్డింగు విన్నాక అక్కర్లేని గుర్తులు చెరిపేయండి. గుర్తు లేకుండానే ఆయన సరిగ్గా ఆగుతున్నచోట గీత ఉంటే అక్కడ అనవసరంగా జాగ్రత్త పడతారు, ఆ జాగ్రత్త వినిపిస్తుంది. ‘నిండితే’ తర్వాతి గీత లాంటివి ఎక్కువమందికి అక్కర్లేదు. విడదీయకూడదని వేసిన వంపులూ, అర్థం మారే చోట పెట్టిన ఆగులూ, క్రియకు ముందు ఊపిరీ మాత్రం ఉంచండి. చెరిపాక శుభ్రంగా మళ్లీ ప్రింటు తీసి, ఆ కొత్త కాగితం మీద కనీసం రెండుసార్లు చదివించాకే రికార్డింగుకు వెళ్లండి. పాత కాగితంలో ఏ మాట పేజీలో ఎక్కడుందో కంటికి అలవాటై ఉంటుంది, అప్పటికప్పుడు కొత్తది చేతికిస్తే సరిచేసిన చోట్లే మళ్లీ తడబడతారు.